ఇప్పటి జీతం ముందే అడిగితే

"అన్నా, అనంతపురంలో ఇంటి నుంచే ఉద్యోగానికి వెళ్తున్నా, చేతికి 24,000 వస్తుంది. బెంగళూరు కంపెనీ హెచ్ఆర్ మేడమ్ ఫోన్ చేసి ఇప్పటి జీతమెంత, ఎంత కావాలి అని అడిగారు. రేపు చెప్పాలి. ఒకటే టెన్షన్."

తమ్ముడూ, ఆ 24,000 మాత్రం చెప్పొద్దు. వాళ్లకు కావాల్సింది సీటీసీ, అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు. పేస్లిప్ తీసి చూడు. బేసిక్ 15,000 అనుకుందాం. నీ పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోయాకే 24,000 చేతికొస్తుంది, అంటే కోతలకు ముందు 26,000. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ సుమారు 720 కూడా కలిపితే నెలకు 28,520, ఏడాదికి 3.42 లక్షలు. చేతికొచ్చేది చెబితే 2.88 లక్షల మీదే పెంపు లెక్కేస్తారు. మొదటిసారి ఉద్యోగం మారినప్పుడు నేను ఇలాగే నష్టపోయాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ముందు "ఈ పోస్టుకు మీ బడ్జెట్ ఎంత మేడమ్?" అని అడుగు. చెప్పకుండా నిన్నే గట్టిగా అడిగితే సీటీసీ ఉన్నదున్నట్టు చెప్పు. పెంచి చెబితే పేస్లిప్పులు అడిగిన రోజు దొరికిపోతావు.

ఎంత కావాలో ఖర్చును బట్టి తేల్చుకో. అక్కడ పీజీకి, తిండికి 12,000 అయితే, 36,000 చేతికొచ్చినా ఇప్పటి పరిస్థితే. అందుకే "చేతికి 40,000 వచ్చేలా చూడండి" అను. ఆఫర్‌లో వేరియబుల్ పే, అంటే పనితీరును బట్టి ఇచ్చే మొత్తం ఉంటే అది తీసేసి లెక్క చూసుకో.