అంకెలే మిగిలిన స్లైడ్

"సార్, జ్వరం వల్ల న్యూమరికల్ మెథడ్స్ క్లాసు ఒకటి పోయింది. రికార్డింగ్ ఇచ్చారు కానీ అందులో మాట వినిపించడం లేదు. పీడీఎఫ్‌లో ఒక స్లైడ్ ఎంత చూసినా అర్థం కావడం లేదు. పైన Rounding error అని ఉంది, కింద ఈ లైన్లు, అంతే. ఎల్లుండి మిడ్ ఎగ్జామ్, టెన్షన్‌గా ఉంది. మా సార్ ఏం చెప్పి ఉంటారు?"
(బి.టెక్ విద్యార్థిని, కాకినాడ)

```
0.1 = 0.0001100110011...
24 bits
100 h -> 0.34 s
1676 m/s
8 h: 55 m     100 h: 687 m
reboot!
t1 old, t2 new ??
```

ముందు రికార్డింగ్ సంగతి చూద్దాం. వీడియోను వీఎల్‌సీలో తెరిచి `Ctrl+J` నొక్కండి. వచ్చే విండోలో `Type: Audio` అన్న భాగం ఉంటే శబ్దం ఫైల్‌లో ఉన్నట్టే. బాగా తక్కువగా రికార్డయిందేమో, వాల్యూమ్ పెంచి హెడ్‌ఫోన్స్‌తో విని చూడండి. `Type: Video` ఒక్కటే కనిపిస్తే మాట అసలు రికార్డే కాలేదు. దాన్ని తిరిగి తెప్పించే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు, వెతుకుతూ రేపటి రోజు పాడు చేసుకోవద్దు. దానికి బదులు అసలు `.pptx` ఫైల్ ఎవరి దగ్గరైనా ఉందేమో అడగండి. చాలామంది లెక్చరర్లు చెప్పబోయే మాటల్ని స్లైడ్ కింద నోట్స్‌లో రాసుకుంటారు. పీడీఎఫ్‌గా మార్చినప్పుడు మామూలుగా అవి రావు. పవర్‌పాయింట్‌లో `View` తెరిచి `Notes Page` నొక్కితే కనిపిస్తాయి.

అదీ దొరకకపోతే స్లైడ్ మీదున్న అంకెలనే నమ్ముకోవాలి. ఈ స్లైడ్‌లో అవి బాగానే ఉన్నాయి. మాటలకైతే మనకు తోచిన అర్థం చెప్పుకోవచ్చు. అంకెల దగ్గర అలా కుదరదు, మన ఊహ తప్పయితే లెక్క తేలదు.

మొదటి లైన్ సులువే. మనం రాసే పదుల పద్ధతిలో 1/3 ఎలా ముగియదో, కంప్యూటర్ వాడే రెండుల పద్ధతిలో 0.1 అలా ముగియదు. 0011 అన్న ముక్క వస్తూనే ఉంటుంది. 24 బిట్ల చోటులో పెట్టాలంటే ఎక్కడో ఒకచోట తెంచాలి, అంటే దాచుకున్న 0.1 నిజమైన 0.1 కాదు. మూడో లైన్‌లో గంటలు సెకన్లకు దారి తీస్తున్నాయి. ఏదో యంత్రం వంద గంటలు నడిస్తే దాని గడియారం 0.34 సెకన్లు తప్పిందన్నది మొదటి ఊహ. 0.1 అక్కడ ఎందుకుందో కూడా దీనితో తేలుతుంది. ఆ యంత్రం కాలాన్ని సెకనులో పదో వంతుల చొప్పున లెక్కపెట్టి, ఆ లెక్కను 0.1తో గుణించి సెకన్లుగా మారుస్తూ ఉండాలి.

ఇప్పుడు ఈ ఊహను పరీక్షించాలి. వంద గంటలంటే 36 లక్షల పదో వంతులు. ఒక్కో దాని దగ్గర ఎంత పోతుందో తెలిస్తే చాలు. 24 బిట్లు అన్నారు కదా అని చుక్క తర్వాత 24 అంకెలు ఉంచి మిగతాది తెంచేస్తే మొత్తం తేడా 0.13 సెకన్లే వస్తుంది. స్లైడ్‌లో ఉన్నది 0.34. ఇక్కడ చాలామంది "ఉజ్జాయింపుగా అదే అయ్యుంటుంది" అని ముందుకు వెళ్లిపోతారు. దయచేసి అలా వెళ్లొద్దు. రెండున్నర రెట్ల తేడాను ఉజ్జాయింపు అనలేం, ఊహలో ఎక్కడో తప్పుందని అది చెబుతోంది. సరే, తెంచకుండా దగ్గరి అంకెకు సవరించారనుకుందాం. అప్పుడు 0.086 వస్తుంది, అదీ వ్యతిరేక దిశలో. ఇక చుక్క తర్వాత 23 అంకెలే ఉంచి, మిగతాది సవరించకుండా తెంచేశారనుకోండి:

```python
from fractions import Fraction as F
kept = F(2**23 // 10, 2**23)
err = F(1, 10) - kept
print(float(err))            # 9.5367431640625e-08
print(float(err * 3600000))  # 0.34332275390625
```

సరిగ్గా 0.34. అంటే 24 బిట్లలో చుక్క తర్వాతి అంకెలకు దక్కినవి 23. ఇంకో సంగతి కూడా తేలింది. పైన శీర్షిక Rounding error అయినా ఇక్కడ జరిగింది రౌండింగ్ కాదు, చాపింగ్. అదే 23 అంకెలకు సవరించి ఉంటే పొరపాటు నాలుగో వంతుకు తగ్గేది. ఈ తేడాను మీ సార్ క్లాసులో నోటితో చెప్పి ఉంటారని నా నమ్మకం. పరీక్షలో అడగదగ్గ ప్రశ్న కూడా ఇదే.

స్లైడ్ మీది అంకెలను గూగుల్‌లో వెతకడం ఈ దశ దాటాకే మంచిది. ముందే వెతికితే ఏ కథ దొరికితే ఆ కథకు స్లైడ్‌ను సర్దేస్తాం. `100 hours 0.34 1676` అని వెతకండి, 1991 గల్ఫ్ యుద్ధం దగ్గరికి వెళ్తారు. ఆ ఏడాది ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో, అమెరికా సైన్యం పెట్టుకున్న పేట్రియట్ క్షిపణి రక్షణ వ్యవస్థ ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది. అది సైనికుల బస మీద పడి 28 మంది చనిపోయారు. ఆ పేట్రియట్ అప్పటికి వంద గంటలకు పైగా ఆగకుండా నడుస్తోంది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 1992లో ఇచ్చిన నివేదికలో ఈ లెక్క ఉంది. పదో వంతు సెకన్ల గడియారం, 24 బిట్ల రిజిస్టర్లు, 0.3433 సెకన్ల తేడా, అన్నీ మన ఊహతో కలుస్తున్నాయి.

తర్వాతి రెండు లైన్ల దగ్గర మీరు తికమకపడటం సహజం. 0.34ను 1676తో గుణిస్తే 570 మీటర్లే వస్తాయి, స్లైడ్‌లోనేమో 687 ఉంది. స్లైడ్ తప్పనుకోవద్దు. 1676 అన్నది నివేదికలో స్కడ్ వేగంగా చెప్పిన గంటకు 3750 మైళ్లను మీటర్లలోకి మార్చిన అంకె. 55, 687 మాత్రం అదే నివేదికలోని వేరే పట్టికలోవి. 687ను 0.3433తో భాగించండి, దాదాపు 2000 వస్తుంది. ఎనిమిది గంటల వరుసకూ అదే వస్తుంది. అంటే పట్టికకు సెకనుకు 2000 మీటర్ల వేగం వాడారు. మీ సార్ రెండింటినీ ఒకే స్లైడ్‌లో పెట్టారు. పరీక్షలో ఒకదాన్నుంచి ఇంకోదాన్ని రాబట్టబోతే లెక్క కుదరక సమయం పోతుంది.

ఈ 687 మీటర్లను "క్షిపణి 687 మీటర్ల దూరంలో తప్పిపోయింది" అని చదవొద్దు. పేట్రియట్ ఆ రోజు క్షిపణిని వదలనేలేదు. రాడార్ ఒక వస్తువును చూడగానే, మరుక్షణం అది ఎక్కడ ఉండాలో కంప్యూటర్ లెక్కగట్టి ఆ కొద్ది మేర మాత్రమే మళ్లీ చూస్తుంది. ఆ మేరను రేంజ్ గేట్ అంటారు. గడియారం తప్పితే గేటు పక్కకు జరుగుతుంది. 687 మీటర్లు జరిగిన గేటులో స్కడ్ కనిపించలేదు, కనిపించకపోయేసరికి మొదట చూసింది పొరపాటని వ్యవస్థ వదిలేసింది.

`reboot!` గురించి నాకు పెద్దగా సందేహం లేదు. గడియారం లెక్క యంత్రాన్ని ఆన్ చేసినప్పటి నుంచి మొదలవుతుంది, కాబట్టి ఆపి మళ్లీ పెడితే తేడా సున్నాకు వస్తుంది. ఎనిమిది గంటలు నడిచాకే గురి తప్పడం మొదలవుతోందని ఇజ్రాయెల్ నుంచి వచ్చిన సమాచారంలో ముందే తెలిసింది, మీ స్లైడ్‌లోని 8 h అక్కడిదే. చాలాసేపు నడపొద్దని సైనికులకు హెచ్చరిక కూడా వెళ్లింది. కానీ ఎన్ని గంటలు నడిపితే చాలాసేపు అవుతుందో అందులో చెప్పలేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్‌కు చేరింది ఫిబ్రవరి 26న, ఒక్క రోజు ఆలస్యంగా. ఈ క్రమం చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. ఆ ఆశ్చర్యార్థకం మీ సార్ ఊరికే పెట్టలేదనిపిస్తుంది. ఒకసారి మాట లేని వీడియోలోనే చూడండి, ఆ లైన్ మీటర్ల వరుస తర్వాత విడిగా వచ్చి, సార్ దాని దగ్గర కాసేపు ఆగితే మనం అనుకున్నదే.

చివరి లైన్ దగ్గర మాత్రం ఇంత ధీమాగా చెప్పను, ఎందుకంటే అక్కడ పరీక్షించడానికి అంకె లేదు. అయితే ఆ రెండు ప్రశ్న గుర్తుల వెనక ఒక మంచి ప్రశ్న ఉంది. గేటు ఎక్కడ పెట్టాలో లెక్కించడానికి కావలసింది రెండు సమయాల మధ్య తేడా. రెండు సమయాలూ ఒకేలా 0.34 తప్పితే, తీసివేతలో ఆ తప్పు పోవాలి కదా! పోలేదు. కారణమేమిటంటే, సమయాన్ని మార్చడానికి మరింత కచ్చితమైన కొత్త పద్ధతిని సాఫ్ట్‌వేర్‌లో కొన్ని చోట్ల పెట్టి, మరికొన్ని చోట్ల పాతదే ఉంచేశారు. ఒక సమయం సరిగ్గా, ఒకటి తప్పుగా వచ్చేసరికి పొరపాటు మొత్తం తీసివేత తర్వాత కూడా నిలిచిపోయింది. `old`, `new` అంటే ఇవే కావచ్చు. మొదట చూసిన సమయం, తర్వాత చూసిన సమయం అని మాత్రమే కూడా కావచ్చు.

అందుకే ఆ ఒక్క లైన్‌ను నోట్స్‌లో పెన్సిల్‌తో రాసుకుని, రేపు మీ సార్‌ను కలవండి. "ఈ స్లైడ్ అర్థం కాలేదు సార్" అంటే ఆయన క్లాసంతా మళ్లీ చెప్పాలి. "సార్, t1కి పాత పద్ధతి, t2కి కొత్త పద్ధతి వాడటం వల్ల తీసివేతలో పొరపాటు పోలేదనేనా?" అని అడగండి. నడుస్తూ కూడా అవునో కాదో చెప్పేస్తారు.