క్రియాటిన్, కండరాలు పట్టేయడం: నా అనుభవం

"కండబలం కోసం వ్యాయామం చేసేవాళ్లు తీసుకునే క్రియాటిన్ పొడి వాడితే పిక్కలు పట్టేస్తాయి, తొడ కండరం లాగేస్తుంది అంటున్నారు. నిజమేనా? అసలు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?"

ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో అలాంటి సంబంధం కనబడలేదు. కానీ ఆ అనుమానం ఎలా పుడుతుందో నాకు తెలుసు, నాకూ అలాగే పుట్టింది.

మొదలుపెట్టిన మూడో వారంలో ఒక సాయంత్రం ఏడో స్ప్రింట్ సగంలో ఉండగా కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయింది. కింద కూర్చుని పాదాన్ని నా వైపు లాక్కుంటే రెండు నిమిషాల్లో వదిలింది. తర్వాతి వారం మళ్లీ రెండుసార్లు. వెంటనే క్రియాటిన్ ఆపేశాను. ఆపాక కూడా పట్టేసింది. అయితే అదొక్కటే రుజువు కాదు, ఎందుకంటే ఆపినా కండరంలో పెరిగిన నిల్వ మామూలు స్థాయికి దిగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. నా వ్యాయామం నోటుబుక్కు తిరగేస్తే అసలు సంగతి కనిపించింది. క్రియాటిన్ మొదలుపెట్టిన వారమే స్ప్రింట్లు వారానికి రెండు రోజుల నుంచి నాలుగు రోజులకు పెంచాను. మళ్లీ రెండు రోజులకు తగ్గించి, రోజుకు 5 గ్రాములు తిరిగి వేసుకున్నాను. నెలలు గడిచినా పట్టేయలేదు.

ఇక ఈ మాట పుట్టుక. క్రియాటిన్ నీటిని కండరంలోకి లాగుతుంది, రోజుకు 20 గ్రాముల చొప్పున మొదలుపెట్టేవాళ్లకు వారంలో ఒకటి రెండు కిలోలు పెరగడం అందువల్లే. అలాగైతే మిగతా ఒళ్లంతా ఎండిపోయి కండరాలు పట్టేస్తాయేమో అని జనం ఊహించారు. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ మల్లయోధులు పోటీ బరువుకు దిగే ప్రయత్నంలో చనిపోయారు. వాళ్లు నీళ్లు తగ్గించి, గాలాడని సూట్లు వేసుకుని, వేడి గదుల్లో చెమటలు కార్చారు. మొదట క్రియాటిన్ మీద అనుమానం వచ్చింది. విచారణలో తేలింది మాత్రం ఒంట్లో నీరు ఎండిపోవడం, ఒళ్లు విపరీతంగా వేడెక్కడం. అనుమానం వార్తల్లోకి ఎక్కినంత వేగంగా ఈ సంగతి ఎక్కలేదు. పైగా అప్పట్లో ఆటగాళ్లను "నీకు ఏం ఇబ్బందులు వచ్చాయి?" అని అడిగిన సర్వేల్లో కొందరు పట్టేసిందనే చెప్పారు. క్రియాటిన్ వాడనివాళ్లతో పోల్చకపోతే ఆ జవాబుకు విలువ లేదు, వాళ్లకీ పట్టేస్తుంది కదా.

పోల్చి చూసిన అధ్యయనం 2003లో వచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కాలేజీ జట్టులో వాడినవాళ్లకు పట్టేయడం, కండరం లాగడం వాడనివాళ్ల కంటే ఎక్కువ కాలేదు, కొన్ని తక్కువే అయ్యాయి. వాడాలా వద్దా అన్నది ఆటగాళ్ల ఇష్టానికే వదిలారు కాబట్టి దాన్నే చివరి మాటగా నేను తీసుకోను, కానీ భయానికి మాత్రం ఆధారం దొరకలేదు.

పట్టేయడం, లాగడం ఒకటి కావు. పట్టేస్తే సాగదీయగానే వదులుతుంది. లాగితే, అంటే కండరం పోగులు తెగితే, సాగదీస్తే నొప్పి ఇంకా ఎక్కువవుతుంది, మర్నాడు నడవడం కష్టమవుతుంది, కొన్నిసార్లు కమిలిన మచ్చ కూడా తేలుతుంది. ఇలా అయితే డబ్బాను తిట్టే ముందు గత రెండు వారాల్లో బరువులు, పరుగు ఎంత పెంచారో చూసుకోండి. తొందరపడి సాగదీయకండి, డాక్టరుకు చూపించండి.