వెల్డింగ్ ఆపిన గంటకి పొగ ఎందుకొచ్చింది?

"మూడో అంతస్తులో రెయిలింగ్ వెల్డింగ్. పని ఆపిన గంటకి కింద వెదురు పరంజా దగ్గర గోనెసంచిలోంచి పొగలొచ్చాయి. ఏం చేయాలి?"

నిప్పురవ్వ పడగానే మంట రాదండీ. గోనె మడతలోనో, పరంజా తాడు ముడిలోనో దూరి నివురుగప్పిన నిప్పులా రాజుకుంటుంది. అందుకే వెల్డింగ్ అయ్యాక కనీసం గంటసేపు బకెట్ నీళ్లతో ఒక మనిషి కింద కాపలా ఉండాలి. పైనున్న వెల్డర్‌కి కింద ఏం జరుగుతోందో కనపడదు.

పని మొదలుపెట్టే ముందు చుట్టూ 11 మీటర్లలో గోనె, గ్రీన్ నెట్ తీసేయండి. ఎత్తు నుంచి పడే రవ్వలు ఇంకా దూరం ఎగురుతాయి. తీయలేని వెదుర్లకి ఫైర్ బ్లాంకెట్ కప్పండి. తడిపిన గోనె మన ఎండకి ఇట్టే ఆరిపోతుంది.

కింద షెడ్డులో థిన్నర్ డబ్బాలుంటే ముందు వాటిని తరలించండి. దాని ఆవిరి నేలబారుగా పాకుతుంది. అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పౌడర్ సిలిండర్ వాడాలి. అసలు రెయిలింగ్‌ని నేల మీదే వెల్డ్ చేసి, పైన బోల్టులతో బిగిస్తే సగం టెన్షన్ ఉండదు.