మూడు అంతస్తులు, మెష్ డబ్బాలు, పాత కేబుల్ టీవీ పైపు

ప్రశ్న: అన్నా, హన్మకొండలో మాది జీ ప్లస్ టూ ఇల్లు. కనెక్షన్ కింద హాల్లో ఉంది, పై అంతస్తుకు సిగ్నల్ సరిగా రాదు. మెష్ కొనాలా, వైరు లాగి యాక్సెస్ పాయింట్లు పెట్టాలా? వైఫై మీద కాల్ మాట్లాడుతూ మెట్లెక్కితే కట్ కాకూడదు.

జవాబు:

వైరు లాగే దారి ఉంటే వైరే. మాది కాజీపేట, ఇలాంటి ఇల్లే. నేను ముందు మెష్ కొని ఏడాది వాడి, ఆ తర్వాత వైరుకు మారాను.

మెష్ అంటే వైరు లేకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైఫై డబ్బాలు. మూడు డబ్బాల సెట్ కొన్నాను, డ్యూయల్ బ్యాండ్‌ది. అంతస్తుకొకటి పెట్టాను. మా ప్లాన్ 200 ఎంబీపీఎస్. కింద 180 దాటి వచ్చేది, మొదటి అంతస్తులో 85, పైన 25. విచిత్రం ఏంటంటే పైన కూడా ఫోన్‌లో గీతలు నిండుగా ఉండేవి. కంపెనీ వాడు స్పీడు తగ్గించాడేమో అని వారం రోజులు వాళ్లకి ఫోన్లు చేశాను, పాపం వాళ్ల తప్పేం లేదు. ఆ గీతలు చూపించేది ఫోన్‌కూ పక్కనున్న డబ్బాకూ మధ్య సిగ్నల్‌ని. ఆ డబ్బాకూ కింది డబ్బాకూ మధ్య ఎలా ఉందో ఫోన్‌కి తెలియదు.

అసలు దెబ్బ అక్కడే తగులుతుంది. మధ్యలో ఐదారు అంగుళాల స్లాబు, దాని నిండా ఇనుప చువ్వలు. దాన్ని దాటొచ్చిన అరకొర సిగ్నల్‌ని డబ్బా విని, అదే ఛానల్‌లో మళ్లీ ఫోన్‌కి చెప్పాలి. వినేటప్పుడు చెప్పలేదు, చెప్పేటప్పుడు వినలేదు. కాబట్టి డబ్బా నుంచి డబ్బాకి వేసే ఒక్కో అంగకి స్పీడు దాదాపు సగం పడిపోతుంది. మా పై డబ్బా రెండంగల దూరంలో ఉంది. డబ్బాల మధ్య మాటలకు విడిగా ఒక రేడియో ఉండే ట్రై బ్యాండ్ మెష్ అయితే ఈ సగం లెక్క ఉండదు కానీ, స్లాబు మాత్రం దానికీ స్లాబే.

మీ దగ్గర ఇప్పటికే ఏదైనా ఎక్స్‌టెండర్ ఉంటే పై అంతస్తులో విండోస్ లాప్‌టాప్ పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టి చూడండి. అడ్రస్ మీ రూటర్‌ది వేయండి.

```
ping -t 192.168.1.1
```

రూటర్ పక్కన కూర్చుంటే మాకు 2, 3 మిల్లీసెకన్లు చూపించేది. పైన 5, వెంటనే 90, మళ్లీ 200, మధ్యమధ్య `Request timed out`. వీడియో నడుస్తుంది, కాల్‌లో మాత్రం మాట తెగుతుంది. అంకె ఇలా ఎగిరి గంతులేస్తుంటే తప్పు ఇంటర్నెట్‌ది కాదు, ఇంట్లోనిదే.

మెష్‌తోనే ఉండాల్సి వస్తే ఒక కిటుకు. సిగ్నల్ రాని గదిలో డబ్బా పెట్టొద్దు. మెట్ల మలుపు దగ్గర పెట్టండి. ఇల్లు మొత్తంలో స్లాబు లేని చోటు అదొక్కటే కదా. మా పై డబ్బాని గదిలోంచి మెట్ల దగ్గరికి జరిపితే 25 కాస్తా 45 అయింది.

వైరు సంగతికొస్తే, బయటి గోడ మీదుగా లాగుదామంటే మా వైపు కోతులు బతకనివ్వవు. డిష్ వైరే రెండుసార్లు పీకాయి. అప్పుడు ఎలక్ట్రీషియన్ గోడలో ఉన్న పాత కేబుల్ టీవీ పైపు చూపించాడు. ఆ పాత వైరు చివరకే కొత్త క్యాట్ 6 వైరు గట్టిగా చుట్టి టేపు వేసి, అటువైపు నుంచి పాతది లాగితే దాని వెనకే కొత్తది వచ్చేసింది. రెండు అంతస్తులకు ఒక పూట పని. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దీన్ని దూర్చొద్దు. వైరు కొనేటప్పుడు పూర్తి రాగిదేనా అని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసింది చవకగా అంటగడతారు, వంచితే విరుగుతుంది.

వైరు వేశాక కూడా పైన స్పీడు సరిగ్గా 94 దగ్గర ఆగిపోయింది. ఎన్నిసార్లు చూసినా 94. వైరులో ఎనిమిది తీగలుంటాయి. గిగాబిట్‌కి ఎనిమిదీ తగలాలి. ఒకటి సరిగా తగలకపోతే చాలాసార్లు లింకు 100కి దిగిపోతుంది, చేతికొచ్చేది 94. కనెక్టర్ కోసి మళ్లీ బిగిస్తే 180 వచ్చింది. అవే మెష్ డబ్బాలు, మధ్యలో వైరు మాత్రమే కొత్తది.

తర్వాత వాటిని తీసి సీలింగ్ యాక్సెస్ పాయింట్లు పెట్టింది స్పీడు కోసం కాదు, కరెంటు కోసం. పై డబ్బాల ప్లగ్గులు ఇన్వర్టర్ లైన్‌లో లేవు. యాక్సెస్ పాయింట్లకు ఆ నెట్ వైరులోనే పవర్ వెళ్తుంది. కింద ఉన్న పీఓఈ స్విచ్‌నీ రూటర్‌నీ ఇన్వర్టర్ మీద పెడితే కరెంటు పోయినా మూడు అంతస్తుల్లో నెట్ ఉంటుంది.

ఇక మెట్ల మీద కాల్. ఏ డబ్బా పట్టుకోవాలో తేల్చేది ఫోనే. మెష్ పెట్టె మీద రోమింగ్ అని ఎంత పెద్దగా రాసినా, 802.11k పక్క డబ్బాల జాబితా ఇస్తుంది, 802.11v ఇటు రమ్మని సలహా ఇస్తుంది, అంతే. వినడం వినకపోవడం ఫోన్ ఇష్టం. ఐఫోన్ అయితే సిగ్నల్ -70 dBm కంటే పడిపోయాకే వేరే డబ్బా కోసం వెతుకుతుంది. ఆండ్రాయిడ్‌లలో ఒక్కో ఫోన్‌ది ఒక్కో తీరు.

వైరు వేశాక మాకు కొత్త గోల మొదలైంది. అమ్మ కింద కాల్ మొదలుపెట్టి మెట్లెక్కేది, నెత్తిమీదే యాక్సెస్ పాయింట్ ఉన్నా ఫోన్ కిందిదాన్నే పట్టుకుని వేలాడేది. అప్పుడు ఫోన్‌లో చూస్తే -68 దగ్గర, అంటే -70కి ఇంకా పైనే ఉంది. మాట గరగరలాడినా ఫోన్ లెక్కలో సిగ్నల్ ఇంకా వదిలేయాల్సినంత పాడు కాలేదు. అన్నింటి పవర్ ఫుల్‌లో ఉండటమే కారణం. `Transmit Power` 2.4 గిగాహెర్ట్జ్‌లో లో, 5లో మీడియం చేశాను. ఇప్పుడు మెట్ల మలుపు దాటగానే మారుతుంది, కాల్‌లో ఏమీ తెలియదు. చాలా మెష్ సెట్లలో ఈ పవర్ తగ్గించే సెట్టింగే ఉండదు, యాక్సెస్ పాయింట్లు తీసుకోవడానికి నాకు ఇదొక్కటి చాలు. డబ్బా మారేటప్పుడు త్వరగా కనెక్ట్ చేసే 802.11r కూడా ఆన్ చేసి చూశాను, పాత ప్రింటర్ కనెక్ట్ కావడం మానేసింది, ఆపేశాను.

పాత రూటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా వాడాలనుకుంటే ఒక జాగ్రత్త. `Access Point Mode` ఉంటే అది పెట్టండి. లేకపోతే ఫోన్లకు ఐపీ అడ్రస్‌లు పంచే `DHCP Server` ఆపి, దాని అడ్రస్ మెయిన్ రూటర్‌ది కాకుండా 192.168.1.2 లాంటిది ఇచ్చి, వైరు ల్యాన్ పోర్టులో పెట్టండి. వ్యాన్ పోర్టులో పెడితే పైన వేరే నెట్‌వర్క్ తయారవుతుంది. అంతస్తు మారగానే ఫోన్ ఐపీ మారి, కాల్ తెగడమో కాసేపు ఆగడమో ఖాయం. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం అన్నిచోట్లా ఒకటే ఉండాలి, ఛానళ్లు మాత్రం వేరు. 2.4లో అంతస్తుకొకటి చొప్పున 1, 6, 11 పెట్టుకోండి.

అద్దె ఇల్లయితే, లేదా ఉన్నవి రెండే అంతస్తులై మెట్లు హాల్లోంచే వెళ్తుంటే మెష్ చాలు, గోడలు పాడుచేసుకోవద్దు. మీది మూడంతస్తులు, పైగా కాల్స్ ముఖ్యం అంటున్నారు. మెష్ కొన్నా సరే, వెనక ల్యాన్ పోర్టు ఉన్నదే కొనండి, రేపు వైరు తగిలించుకోవచ్చు. ముందు హాల్లో టీవీ వెనక ప్లేటు విప్పి, పాత కేబుల్ వైరు కొంచెం లాగి చూడండి. పై అంతస్తులో ఎవరైనా అటు కొస పట్టుకుని ఉంటే కదులుతుందో లేదో వెంటనే తెలుస్తుంది.