సస్పెన్స్‌లో వేసే ముందు ఏం చూడాలి?

"బి.కాం. చివరి ఏడాది చదువుతున్నాను. అకౌంట్స్ అసిస్టెంట్ ఇంటర్వ్యూలో ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే ఏం చేస్తావని అడిగారు. తేడాను సస్పెన్స్ ఖాతాలో వేస్తానన్నాను. నవ్వి పంపేశారు. ఏం చెప్పాల్సింది సార్?"

చివర చెప్పాల్సింది మీరు మొదటే చెప్పేశారు. వెతికినా దొరకని తేడాను తాత్కాలికంగా పెట్టుకునే చోటే సస్పెన్స్. అంతకుముందు ఏం వెతుకుతారన్నదే వాళ్లు వినాలనుకున్నది.

డెబిట్ మొత్తం 2,46,500, క్రెడిట్ మొత్తం 2,48,000 వచ్చాయనుకోండి. తేడా 1,500. ముందు కూడికలు మళ్లీ వేయండి. సరిగ్గా 1,500 నిల్వ ఉన్న ఖాతా ఏదైనా జాబితాలో ఎక్కకుండా పోయిందేమో చూడండి. తర్వాత అందులో సగం, 750 కోసం వెతకండి. ఒకవైపు రాయాల్సింది రెండోవైపు రాస్తే తేడా రెట్టింపవుతుంది కదా! తేడా 9తో నిశ్శేషంగా భాగం పోతే 54ను 45గా రాసినట్టు అంకెలు తారుమారై ఉండొచ్చు. 1,500 అలా పోదు. అయితే ఈ చిట్కాలన్నీ తప్పు ఒక్కటే ఉన్నప్పుడు పనికొస్తాయి. ఇక్కడున్నవి రెండు.

ఇప్పుడు సస్పెన్స్‌కు రండి. తక్కువైంది డెబిట్ వైపు కాబట్టి 1,500 అక్కడే పెట్టి, లెడ్జర్‌ను అసలు పుస్తకాలతో ఒక్కో పద్దూ టిక్ పెట్టుకుంటూ పోల్చండి. ఒక ఖాతాదారుకు అమ్మిన 5,400 అతని ఖాతాలో 4,500గా పడింది. సవరణ: అతని ఖాతా డెబిట్ 900, సస్పెన్స్ క్రెడిట్ 900. ఇంకొకరికి ఇచ్చిన 300 డిస్కౌంట్, డిస్కౌంట్ ఖాతాలో క్రెడిట్ వైపు పడింది. దీనికి డిస్కౌంట్ డెబిట్ 600, సస్పెన్స్ క్రెడిట్ 600. తప్పును చెరపడానికి ఒక 300, సరైనది రాయడానికి ఇంకో 300. సస్పెన్స్ సున్నా అయింది.

చాలామంది జారేది ఇక్కడే. 8,000 పెట్టి కొన్న ఫర్నిచర్‌ను కొనుగోళ్ల ఖాతాలో రాసేశారనుకోండి. రెండూ డెబిట్ ఖాతాలే కాబట్టి ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కలుస్తుంది. ఫర్నిచర్ డెబిట్, కొనుగోళ్లు క్రెడిట్ రాస్తే సరి, సస్పెన్స్‌ను ముట్టుకోకూడదు. సస్పెన్స్ సున్నా అయినా ఇలాంటివి పుస్తకాల్లోనే ఉండిపోతాయి, బిల్లులు తిరగేస్తేనే బయటపడతాయి.

టాలీలో ఇదంతా ఎందుకని అడగొచ్చు. డెబిట్, క్రెడిట్ సమానం కాని వోచర్‌ను అది తీసుకోదు, నిజమే. కానీ ప్రారంభ నిల్వలు తప్పుగా ఎక్కిస్తే Difference in opening balances అని చూపిస్తుంది. ఇక ఆఫీసుల్లో సస్పెన్స్‌లో ఎక్కువగా కనిపించేది, ఎవరు పంపారో తెలియకుండా బ్యాంకులో పడ్డ డబ్బు. అది ఎవరిదో తేలగానే సస్పెన్స్ డెబిట్, ఆ పార్టీ క్రెడిట్.