వంగ, పచ్చిమిర్చి తోటల్లో కొమ్మలు కత్తిరిస్తే రెండో కాపు వస్తుందా?

సందేహం: అర ఎకరంలో వంగ, అర ఎకరంలో పచ్చిమిర్చి జూలై చివర్లో నాటాను. డ్రిప్ ఉంది. ఇప్పుడు జనవరి రెండో వారం. వంగలో కాయ సైజు తగ్గింది, పుచ్చు పెరిగింది. మిర్చిలో పూత పలచబడింది, కొన్ని మొక్కలకు ఆకు ముడత కూడా ఉంది. తోట దున్నేయకుండా కొమ్మలు కొట్టేస్తే మళ్లీ కాపు వస్తుందని పక్క ఊరి రైతులు అంటున్నారు. ఎంత ఎత్తులో కొట్టాలి? ఏ ఎరువులు, మందులు వాడాలి?
– ఒక రైతు, మైలవరం మండలం, ఎన్టీఆర్ జిల్లా

సలహా: వంగను మోడుగా కొట్టి కార్శి తీసుకోవచ్చు. మిర్చిని అలా కొట్టకూడదు. వంగ కాండం ముదిరి చెక్కబారినా కణుపుల దగ్గర నిద్రలో ఉన్న మొగ్గలు లేస్తాయి. మిర్చిలో గోధుమరంగు బెరడు పట్టిన కొమ్మ నుంచి చిగుర్లు చాలా తక్కువ వస్తాయి. పైన ఇంకా పచ్చగా ఉన్న కొమ్మలే దానికి ఆధారం. రెండు తోటల్నీ ఒకే కత్తితో, ఒకే ఎత్తులో కొట్టిన చోట్ల వంగ లేచి మిర్చి మోడు ఎండిపోవడానికి కారణం ఇదే.

ముందు వంగ సంగతి. కత్తిరించే ముందు తోటలో ఒక మూల నుంచి ఎదుటి మూలకు నడుస్తూ వంద మొక్కలు చూడండి. ఎండు తెగులుతో వాడినవి, వెర్రి తెగులుతో చిన్న చిన్న ఆకులు గుబురుగా వేసి పూత లేనివి, సగం కొమ్మలు ఎండినవి ఎన్ని ఉన్నాయో లెక్కించండి. ఇరవై దాటితే కార్శి ఆలోచన మానుకోవడం మేలు. ఖాళీలు ఎక్కువైతే నీరు, ఎరువు, మందు ఖర్చు తగ్గదు, కాయ మాత్రం తగ్గుతుంది. అంతకంటే తక్కువ ఉంటే ఆ మొక్కల్ని మాత్రం వేళ్లతో పీకి పొలం బయటికి చేర్చండి. వెర్రి తెగులు మొక్కను కొట్టి వదిలితే మళ్లీ అదే గుబురు చిగురు వేస్తుంది, పచ్చదోమ దాన్ని పక్క మొక్కలకు మోసుకెళ్తుంది.

ఎండు తెగులు అనుమానం ఉంటే ఇలా తేల్చుకోండి. వాడిన మొక్క కాండాన్ని నేల దగ్గర కోసి, ఆ ముక్క కింది కొసను గాజు గ్లాసులో ఉన్న తేట నీటిలో ఆనించి కదలకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లని దారం కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. అలాంటి మొక్కలు ఉన్న సాళ్లను చివరగా కత్తిరించాలి. కత్తెర తెగులు మొక్కను తాకి మంచి మొక్క మీదికి వెళ్తే, ఆ సాలు పొడవునా తెగులును మీరే అంటించినట్టవుతుంది. రెండు కత్తెరలు పెట్టుకుని ఒకటి స్పిరిట్‌లో ముంచి ఉంచి, మరొకటి వాడుతూ మార్చుకుంటే పని ఆగదు.

కత్తిరించడానికి రెండు రోజుల ముందు ఒక తడి ఇవ్వండి. కోతకు వచ్చిన కాయలన్నీ కోసేయండి, పుచ్చు కాయలు కూడా. నేల నుంచి 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తు, అంటే సుమారు జానెడు, ఉంచి పైన కొట్టేయండి. మొక్కకు పెన్సిల్ కంటే లావున్న మూడు కొమ్మలు ఉంటే చాలు, మిగిలినవి మొదలుకు తీసేయండి. ప్రతి కొమ్మనూ కణుపుకు వేలు మందం పైన, ఏటవాలుగా కోయాలి. కణుపుకు చాలా పైన కోస్తే మిగిలిన ముక్క ఎండి ఆ ఎండు కిందికి దిగుతుంది. కొడవలితో లాగి కొడితే కాండం చీలుతుంది, చీలిన చోటే శిలీంధ్రం చేరుతుంది. అందుకే పదునైన సికేచర్ వాడండి. కోసిన చోటు లోపల తెల్లగా, తేమగా ఉండాలి. గోధుమరంగు కనిపిస్తే తెల్లని భాగం వచ్చేదాకా ఇంకా కిందికి కోయండి. మొదలు దాకా అదే రంగు ఉంటే ఆ మొక్క పనికిరాదు. అంటు మొక్కలైతే అంటు కట్టిన చోటు కంటే పైనే కోయాలి. దాని కింది నుంచి వచ్చే చిగురు వేరు మొక్కదే కాబట్టి కనబడగానే తీసేయాలి.

పొడి వాతావరణంలో, సాయంత్రం పూట మొదలుపెట్టి అర ఎకరాన్ని రెండు రోజుల్లో ముగించండి. సగం ఇప్పుడు, సగం పదిహేను రోజుల తర్వాత అనుకుంటే, కొట్టని సాళ్లలోని మొవ్వు, కాయ తొలుచు పురుగు లేత చిగుర్ల మీదికి దిగుతుంది. కొట్టిన కొమ్మల విషయంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. ఎరువవుతుందని సాళ్ల మధ్యే వదిలేస్తారు. ఆ కొమ్మల్లో, కాయల్లో పురుగులు ఉంటాయి, రాలిన చెత్తలో కోశస్థ దశ పూర్తి చేసుకుని రెక్కల పురుగులై బయటికి వస్తాయి. అవి వచ్చే సమయానికి మీ మోడు చిగురు వేస్తూ ఉంటుంది. కాబట్టి కొమ్మలు, కాయలు, కింద రాలిన ఆకులు అన్నీ అదే రోజు పొలం బయటికి చేర్చి లోతైన గోతిలో పూడ్చేయండి. కత్తిరించిన సాయంత్రమే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మోడులు తడిసేలా పిచికారి చేయండి. లావు కోతలకు అదే మందును చిక్కగా కలిపి కుంచెతో పూయండి.

ఎరువుల్లో తొందర వద్దు. కొట్టిన మొక్కకు ఆకు లేదు, అందువల్ల నీరు, నత్రజని తీసుకునే శక్తి చాలా తక్కువ. మర్నాడే యూరియా వేసి బాగా నీరు పెడితే వేరు కుళ్లుతుంది. మొదటి వారంలో అర ఎకరానికి రెండు టన్నుల చివికిన పశువుల ఎరువు, 75 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 100 కిలోల వేపపిండి కలిపి మొదలుకు జానెడు దూరంలో వేసి మట్టితో కప్పండి. చిగురు వచ్చేదాకా డ్రిప్‌ను మామూలుగా వదిలే సమయంలో సగమే వదలండి. మొగ్గలు ఉబ్బి, చిగురు రెండు అంగుళాలు పెరిగాక, అంటే పది పన్నెండు రోజులకు, 10 కిలోల యూరియా, 8 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయండి. తిరిగి పూత మొదలయ్యాక ఒకసారి, మొదటి కోత తర్వాత మరోసారి అంతే మోతాదు ఇవ్వండి. ఒకేసారి ఎక్కువ యూరియా పడితే చిగుర్లు మెత్తగా, గుబురుగా పెరిగి పచ్చదోమను, మొవ్వు పురుగును పిలుస్తాయి, పూత వెనకబడుతుంది.

ఇరవయ్యో రోజుకు ఒక్కో మోడుకు పది దాకా చిగుర్లు ఉంటాయి. అన్నీ ఉంచితే కాయలు చిన్నవవుతాయి. బయటివైపు పెరిగే నాలుగు నుంచి ఆరు బలమైన వాటిని ఉంచి మిగిలినవి చేత్తో విరిచేయండి. మీరు జనవరి మూడో వారంలో కత్తిరిస్తే ఫిబ్రవరి చివర పూత, మార్చి రెండో వారంలో మొదటి కోత వస్తాయి. ఏప్రిల్ చివరి దాకా కాయ ఉంటుంది. ఆలస్యం చేసి ఫిబ్రవరి రెండో పక్షంలో కొడితే పూత ఏప్రిల్ ఎండల్లో పడి చాలావరకు రాలిపోతుంది.

ఈ కాపులో మొవ్వు, కాయ తొలుచు పురుగునే ఎక్కువ గమనించాలి. చిగురు దశ నుంచే ఎకరాకు 10 లెక్కన లింగాకర్షక బుట్టలు పెట్టండి, మీ అర ఎకరానికి 5 చాలు. వాడి వాలిన మొవ్వు కనబడితే, పురుగు తొలిచిన చోటికి అంగుళం కింద తుంచి సంచిలో వేసుకుని తీసుకుపోండి. వారానికి రెండుసార్లు ఈ పని చేయాలి. పూతకు ముందు 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మి.లీ. చొప్పున కొట్టండి. ఉధృతి ఉంటే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సి లీటరుకు 0.4 మి.లీ. ఒక్కసారి వాడవచ్చు, కానీ కోతకు 22 రోజుల గడువు పాటించాలి కాబట్టి దాన్ని కాయ లేని దశలోనే వాడేయండి. కోతలు నడుస్తుంటే ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జి లీటరుకు 0.4 గ్రాములు వాడి, మూడు రోజుల తర్వాతే కాయ కోయండి. మందు కొట్టే రోజు ఉదయమే కాయలు కోసుకుంటే గడువు పాటించడం సులువు.

ఇక మిర్చి. ముందు ఆ ముడత ఏమిటో తేల్చుకోండి. ఆకు అంచులు పైకి తిరిగితే తామర పురుగులు, కిందికి తిరిగి ఆకు తిరగేసిన పడవలా కనిపిస్తే నల్లి. ఈ రెండిట్లో పురుగును అదుపు చేసి పైకొమ్మలు కత్తిరిస్తే కొత్త ఆకు మామూలుగా వస్తుంది. ఆకు చిన్నబడి, ఈనెల మధ్య పసుపు పాకి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసే జెమిని వైరస్, మనం బొబ్బర తెగులు అనేది. వైరస్ మొక్కంతా ఉంటుంది, ముడత కొమ్మ తీసేసినంత మాత్రాన పోదు, కొత్త చిగురు కూడా ముడతతోనే వస్తుంది. అలాంటివి పీకేయండి. వందకు పదిహేను, ఇరవై మొక్కలు బొబ్బరతో ఉంటే కత్తిరింపు జోలికి వెళ్లకండి.

బాగున్న మొక్కల్లో పై మూడో వంతు మాత్రమే తీయాలి. పచ్చగా ఉన్న కొమ్మలో పంగకు కొంచెం పైన కోయండి, కనీసం సగం ఆకు మొక్క మీద ఉండాలి. ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగిన సన్న కొమ్మలు పూర్తిగా తీసేయండి. మిర్చిలో పూత కొత్త పంగల దగ్గర వస్తుంది, అందువల్ల మొక్క ఎన్ని కొత్త పంగలు వేస్తే అంత పూత. కత్తిరించాక కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారి ఇక్కడా అవసరమే, లేకపోతే కొమ్మ ఎండు తెగులు కోసిన చోటు నుంచి కిందికి దిగుతుంది. చిగురు వచ్చాక 19:19:19 లీటరుకు 5 గ్రాములు, పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి. పూత రాలుతుంటే ప్లానోఫిక్స్ 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. కలిపి పిచికారి చేయండి, మోతాదు పెంచితే పూత ఇంకా రాలుతుంది.

మిర్చిలో మీకు వచ్చేది వంగంత కాపు కాదు. ఇప్పుడు కత్తిరిస్తే నెలకు పూత, మరో మూడు వారాలకు పచ్చికాయ. అంటే మార్చి మొదటి పక్షంలో మొదలై ఎండ ముదిరేలోగా రెండు మూడు కోతలు. కూలి, మందు ఖర్చు చూసుకుని, మార్కెట్ దగ్గరగా ఉండి పచ్చిమిర్చి ధర బాగుంటేనే పెట్టుబడి పెట్టండి. ఎండుమిర్చికి వదిలిన తోటలో మాత్రం ఈ పని చేయవద్దు. ఆ కొత్త పూత సరిగ్గా వేసవిలో పడుతుంది, పైగా పూలలో చేరే నల్ల తామర పురుగులకు తోట ఆశ్రయమవుతుంది. 2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిర్చిని దెబ్బతీసింది ఈ పురుగే. కోతలు అయిపోయిన తోటను నిలబెట్టకుండా పీకి తగలబెట్టడం పైరు మార్చడమంత ముఖ్యం.

వంగను రెండోసారి మోడు చేయకండి, మూడో కాపు నాటికి వేరు వ్యవస్థ ముదిరి మోళ్లు సగం లేవవు. మే మొదటి వారానికి రెండు తోటలూ పీకేసి లోతుగా దున్ని ఎండకు వదలండి. తొలకరికి అందులో జీలుగ గానీ జనుము గానీ చల్లి పూతకు ముందు కలియదున్నండి. ఎండు తెగులు కనిపించిన మడిలో వచ్చే రెండు సంవత్సరాలు వంగ, మిర్చి, టమాటా, బంగాళాదుంప వేయకుండా జొన్న లేదా మొక్కజొన్న వేసుకోండి.