తిరిగొచ్చిన సరుకును స్టాక్‌లోకి ఏ రేటుకు ఎక్కించాలి?

ప్రశ్న: ఒక్కోటి 500కి అమ్మిన ఫ్యాన్లలో 10 వెనక్కి వచ్చాయి. అమ్మినప్పుడు మాకు పడిన ఖరీదు 320, ఇప్పుడు కొంటే 350. క్రెడిట్ నోట్ 5,000కి ఇచ్చేశాం. స్టాక్‌లోకి ఏ రేటుకు తీసుకోవాలి? మూడు ఫ్యాన్లు పగిలాయి, వాటినేం చేయాలి?

జవాబు: 320కే తీసుకోండి. సరుకు ఏ ఖరీదుకు బయటికి వెళ్లిందో అదే ఖరీదుకు లోపలికి రావాలి.

అకౌంట్స్‌లో చేరిన కొత్తలో నేను ఇక్కడే తప్పు చేశాను. గోడౌన్‌లో 200 ఖరీదువి 90 మోటార్లు ఉన్నాయి. తిరిగొచ్చిన 10 మోటార్లను క్రెడిట్ నోట్‌లో ఉన్న 300 రేటుకే ఎక్కించేశాను. నెలాఖరున స్టాక్ రిపోర్టులో సగటు ఖరీదు 210 కనిపించింది. మేమెప్పుడూ 200 దాటి కొనలేదు! పైగా సరుకు వెనక్కి వచ్చినా దాని మీది 1,000 లాభం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. అమ్మకం 3,000 తగ్గితే, అమ్మిన సరుకు ఖరీదు కూడా 2,000కు బదులు 3,000 తగ్గింది మరి. కొనుగోలు ధర మారకుండా సగటు ఖరీదు కదిలిందంటే, నేను ఇప్పటికీ ముందు రిటర్న్ ఎంట్రీలే తిరగేస్తాను.

మీ లెక్కలో రెండు ఎంట్రీలు వస్తాయి. మొదటిది, సేల్స్ రిటర్న్స్ డెబిట్ 5,000, కస్టమర్ క్రెడిట్ 5,000. రెండోది, స్టాక్ డెబిట్ 3,200, అమ్మిన సరుకు ఖరీదు క్రెడిట్ 3,200. దాంతో ఆ పది ఫ్యాన్ల మీది 1,800 లాభం సరిగ్గా వెనక్కి పోతుంది. బిల్లులో డిస్కౌంట్ ఇచ్చి ఉంటే 500 కాదు, డిస్కౌంట్ పోగా మిగిలిన రేటుకే క్రెడిట్ నోట్ వేయాలి. పన్ను ఉంటే పాత బిల్లులో వేసిన రేటే. పాత బిల్లును మాత్రం దిద్దకండి, దాని నంబరు, తేదీ క్రెడిట్ నోట్ మీద రాయండి చాలు.

పగిలిన మూడింటినీ ముందు 320కే లోపలికి తీసుకోండి, కాకపోతే మంచి సరుకులో కలపకుండా డ్యామేజ్ గోడౌన్ పేరుతో విడిగా పెట్టండి. అప్పుడే క్రెడిట్ నోట్‌లోని 10, గోడౌన్ రసీదులోని 10 సరిపోతాయి. తర్వాత అవి ఎంతకు పోతాయో చూడండి. ఖర్చులు పోను ఒక్కోటి 100కి పోతుందనుకుంటే, 220 చొప్పున 660 డ్యామేజ్ నష్టంగా రాయాలి. దాన్ని సేల్స్ రిటర్న్స్‌లో కలిపితే రిటర్న్ వల్ల ఎంత పోయిందో, పగలడం వల్ల ఎంత పోయిందో ఎప్పటికీ తెలియదు.

ఇంకోటి, పగిలింది కస్టమర్ దగ్గరేనని తేలి, ఆ బాధ్యత అతనిదేనని మీ ఒప్పందంలో ఉంటే, ఆ మూడింటికి పూర్తి క్రెడిట్ ఇవ్వాల్సిన పని లేదు. అందుకే సరుకు దించి, విప్పి చూశాకే క్రెడిట్ నోట్ వేయడం మంచిది.